స్టేజీ ఎక్కగానే కమాను వణుకుతుంటే ఏం చెయ్యాలి?

ప్రశ్న: "మాది బొబ్బిలి దగ్గర పల్లె. ఎనిమిదేళ్లుగా వయొలిన్ నేర్చుకుంటున్నాను. ఇంట్లో బాగానే వాయిస్తాను. స్టేజీ ఎక్కితే మాత్రం కుడిచెయ్యి వణికి, కమాను తీగ మీద గెంతుతుంది. పోయిన ఏడాది మధ్యలోనే ఆపేసి దిగిపోయాను. ఈ దసరాకి మా ఊరి అమ్మవారి గుడిలో ఇరవై నిమిషాలు సోలో ఇచ్చారు. ఇంకా ఏడు వారాలుంది. ఈ భయం పోయే దారి ఉందా మేడం? ఎవరో మాత్ర వేసుకోమన్నారు, వేసుకోనా?"

తల్లీ, ముందు సూటిగా చెప్పేస్తాను. ఏడు వారాల్లో నువ్వు ఆ ఇరవై నిమిషాలూ ఆపకుండా వాయించే స్థితికి రావచ్చు. కానీ భయం పూర్తిగా పోవాలని పెట్టుకోకు. చెయ్యి వణుకుతున్నా వాయిస్తూనే ఉండటం నేర్చుకోవాలి. అది వచ్చాక వణుకు దానంతటదే తగ్గుతుంది. దీనికి కావలసింది ఇంట్లో ఇంకో రెండు గంటల సాధన కాదు. ఎదురుగా మనుషుల్ని కూర్చోబెట్టుకుని, ముందు ఒకరితో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుకుంటూ, ఆపకుండా వాయించే రిహార్సల్స్ కావాలి. మాత్ర మాత్రం సొంతంగా వేసుకోవద్దు. దాని సంగతి కింద రాస్తాను.

నేను విజయనగరంలో చాలాకాలంగా పిల్లలకి వయొలిన్ చెబుతున్నాను. పాఠం బాగా వచ్చి, స్టేజీ మీద చెయ్యి ఆడని పిల్లలు ప్రతి ఏడాదీ ఒకరిద్దరు తగులుతూనే ఉంటారు. మన ఊళ్లలో దీనికి ఇంకో కారణం కూడా ఉంది. విజయనగరంలో సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ చెప్పారు. ఆ గాలి ఈ చుట్టుపక్కల ఇంకా ఉంది. గుడిలో నాలుగు వరసల జనం కూర్చుంటే, వాళ్లలో ఒకరికైనా నువ్వు వాయించే వర్ణం నోటికి వచ్చి ఉంటుంది. వణికే పిల్లలందరూ భయపడేది ఆ ఒక్కరికే. మిగతా రెండొందల మంది వాళ్ల కంటికి ఆనరు. అందుకే నేను చెప్పే పద్ధతిలో అలాంటి మనిషిని ముందే ఎదురుగా కూర్చోబెట్టే మెట్టు ఒకటి ఉంటుంది.

కమాను ఎందుకు గెంతుతుంది

ఇది తెలిస్తే సగం బెంగ తీరుతుంది. ఎవరి చెయ్యీ పూర్తిగా నిలకడగా ఉండదు. ఎంత ప్రశాంతంగా ఉన్నవాళ్ల చేతిలోనైనా కంటికి కనపడనంత చిన్న వణుకు ఉంటుంది. భయం వేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ విడుదలవుతుంది. అది గుండె వేగం పెంచుతుంది, అరచేతులకి చెమట పట్టిస్తుంది, వేళ్లకి రక్తం తగ్గి అవి చల్లబడతాయి. ఆ చిన్న వణుకు కాస్తా పెద్దదవుతుంది. కమాను పొడవు సుమారు 75 సెంటీమీటర్లు. ఒక చివర చేతిలో ఉంటుంది కాబట్టి చేతి దగ్గర కొద్దిగా కదిలినా రెండో చివర బాగా ఊగుతుంది. పైగా కమాను నడుమ భాగానికి సహజంగానే గెంతే గుణం ఎక్కువ. నెమ్మదిగా, తేలిగ్గా లాగే దీర్ఘ స్వరాల్లో వణుకు బాగా వినపడేది అందుకే.

ఇక్కడ అందరూ చేసే పని ఒకటుంది. కమాను వణకగానే దాన్ని గట్టిగా పట్టుకుంటారు. బొటనవేలు బిర్రబిగుస్తుంది, భుజం పైకి లేస్తుంది. బిగిసిన కండరం ఇంకా వణుకుతుంది. దాంతో ఇంకా గట్టిగా పట్టుకుంటారు. పోయిన ఏడాది నిన్ను దింపేసింది ఈ చక్రమే అయి ఉంటుంది, నీ చేతకానితనం కాదు.

ఇంకో విషయం. ఈ ఒంటి ఉద్రేకం వాయించడానికి ముందు కొద్ది నిమిషాలూ, మొదలుపెట్టాక మొదటి ఒకటి రెండు నిమిషాలూ బాగా ఎక్కువగా ఉంటుంది. తర్వాత, మనం అక్కడే ఉంటే, అది మెల్లగా దిగుతుంది. మధ్యలో లేచి వెళ్లిపోయినవాళ్లకి ఆ ఉద్రేకం దిగడం ఎప్పటికీ తెలియదు. స్టేజీ దిగగానే 'హమ్మయ్య' అనిపిస్తుంది కదా, ఆ హమ్మయ్యలోనే చిక్కుంది. 'దిగిపోయాను కాబట్టి బతికాను' అని మనసు నేర్చుకుంటుంది. తర్వాత ఇంకో కచేరీ వస్తే వద్దనిపిస్తుంది. వద్దన్న ప్రతిసారీ భయం ఇంకాస్త ముదురుతుంది. ఇంట్లో ఒంటరిగా ఎంత సాధన చేసినా ఈ పాఠం మాత్రం మారదు, ఎందుకంటే ఇంట్లో ఆ భయం అసలు రాదు. రాని భయంతో వాయించడం ఎలా నేర్చుకుంటాం?

మెట్లు ఎలా వేసుకోవాలి

ఒక నోటుబుక్కు తీసుకో. భయాన్ని సున్నా నుంచి పది వరకు కొలువు. ఇంట్లో ఒంటరిగా వాయించేటప్పుడు ఉండేది ఒకటి. పోయిన ఏడాది దిగిపోయిన క్షణం పది. ఈ రెండింటి మధ్య నీకు తగిన మెట్లు రాసుకో. నీ పరిస్థితికి నేనైతే ఇలా వేస్తాను.

మొదటి వారం ఫోనే శ్రోత. ఫోన్ నాలుగైదు గజాల దూరంలో పెట్టి రికార్డింగ్ నొక్కి, వర్ణం మొదటి నుంచి చివరి దాకా ఒకే వాయింపులో వాయించు. తప్పు వస్తే మళ్లీ మొదలుపెట్టకూడదు. రోజుకి ఒక్కసారే. రెండోసారి తీసుకోవచ్చని ముందే తెలిస్తే మొదటిసారికి విలువ ఉండదు. కేవలం ఫోన్ చూసినా నీకు మూడో నాలుగో వస్తుంది. అదే కావాలి.

అదే వారంలో ఇంకో అభ్యాసం. మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ మేడ మెట్లుంటే, గుండె గట్టిగా కొట్టుకునే దాకా ఎక్కి దిగు. వెంటనే వచ్చి కూర్చుని వర్ణం పల్లవి వాయించు. ఊపిరి ఆడటం లేదు, గుండె దడదడలాడుతోంది, చెయ్యి నిలవదు. అచ్చం స్టేజీ మీద ఉన్నట్టే. తేడా ఏమిటంటే ఇక్కడ భయం లేదు, ఒంటి హడావిడి మాత్రమే ఉంది. ఆ హడావిడిలో కూడా కమాను నడుస్తుందని చేతికి తెలియాలి. ఆస్తమా, గుండె జబ్బు లాంటివి ఉంటే ఇది చెయ్యకు.

రెండో వారం ఒక్క మనిషి. అమ్మ గానీ చెల్లి గానీ. మూడో వారం సంగీతం రాని ఇద్దరు ముగ్గురు, వీలైతే ఇంటివాళ్లు కానివాళ్లు. నాలుగో వారం సంగీతం వచ్చిన ఒక్కరు. ఇది ఎప్పుడూ గట్టి మెట్టు, దీనికి పూర్తిగా వారమో, ఇంకా కావాలంటే పది రోజులో ఇవ్వు. ఐదో వారం ఏడెనిమిది మంది, గుడిలో కట్టుకునే చీరే కట్టుకుని, మైకు పెట్టుకుని, మృదంగం వాయించే ఆయనతో కలిసి, మొత్తం ఇరవై నిమిషాలూ. ఆరో వారం మీ అమ్మవారి గుడిలోనే. కచేరీ జరిగే చోటే కూర్చుని, సాయంత్రం హారతి వేళ వచ్చిపోయేవాళ్ల మధ్య వాయించాలి. పూజారి గారిని అడిగితే కాదనరు. ఏడో వారం కొత్తగా ఏమీ పెట్టుకోకు. ఇష్టమైన మెట్టు ఒకటి మళ్లీ చెయ్యి, అంతే.

ఒక మెట్టు నుంచి పై మెట్టుకి ఎప్పుడు వెళ్లాలి? భయం సున్నా అయ్యాక కాదు. అలా ఎదురుచూస్తే రెండో మెట్టు కూడా దాటవు. ఆపకుండా చివరిదాకా వాయించగలిగి, మొదలుపెట్టేటప్పటి అంకె మొదటిసారి కంటే సగానికి దగ్గరగా వస్తే చాలు, పైకి వెళ్లు. ఒక మెట్టు నెలకి ఒకసారి చేస్తే పని చెయ్యదు. ఒకే వారంలో మూడు నాలుగు సార్లు చెయ్యాలి. మధ్యలో ఎక్కువ రోజులు విడిస్తే భయం మళ్లీ మొదటికి వస్తుంది.

ప్రతి రిహార్సల్‌కి ముందు నోటుబుక్కులో ఒక్క వాక్యం రాయి: 'ఈ రోజు ఏం జరుగుతుందని నేను భయపడుతున్నాను?' అని. 'బాగా వాయించలేను' లాంటి గోడమీద పిల్లి మాట రాయకు. చూసి అవునో కాదో తేల్చగలిగేది రాయి. 'అనుపల్లవిలో ఆగిపోతాను', 'పక్కింటి ఆంటీ నవ్వుతుంది', 'కమాను తీగ మీంచి జారిపోతుంది' ఇలా. అయిపోయాక రికార్డింగ్ విని పక్కన రాయి: జరిగిందా, లేదా. అంకెలు కూడా మూడుసార్లు రాయి. మొదలుపెట్టే ముందు, రెండు నిమిషాలయ్యాక, చివర్లో. వాయిస్తూ రాయలేవు కాబట్టి అయిపోగానే గుర్తు చేసుకుని రాసేయి.

ఒక కుర్రాడి నోటుబుక్కు

ఇదంతా కాగితం మీద తేలిగ్గా ఉంటుంది. అసలు పనిలో ఎక్కడ ఇరుక్కుంటామో తెలియాలి కాబట్టి నా దగ్గర నేర్చుకున్న ఒకబ్బాయి సంగతి చెబుతాను. ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరం వచ్చేవాడు. చెయ్యి మంచిది, శృతి శుద్ధం. డిప్లొమా పరీక్షలో కమాను వణికిపోయి చిట్టస్వరాలు మింగేశాడు. మళ్లీ పరీక్ష రాయాలి.

ఫోన్ మెట్టు, ఇంటివాళ్ల మెట్టు వారం పది రోజుల్లో దాటేశాడు. అంకె ఐదుతో మొదలై రెండుకి వచ్చింది. తర్వాత అయ్యకోనేరు దగ్గర ఉండే ఒక పెద్దాయన్ని పిలిచాం. ఆయన కచేరీలు చెయ్యరు గానీ, వయసంతా వయొలిన్ వింటూ గడిపిన మనిషి. ఆయన ఎదురుగా కూర్చోగానే కుర్రాడి అంకె ఎనిమిదికి పోయింది. ముందు రాసుకున్న వాక్యం: 'ఆయన పల్లవి కూడా వినకుండా లేచి వెళ్లిపోతారు.' ఆయన కదలకుండా మొత్తం విన్నారు. రెండోసారీ విన్నారు. మూడోసారీ విన్నారు. అయినా కుర్రాడి అంకె ఎనిమిది దగ్గరే కూర్చుంది. ఇది మామూలుగా జరగదు. మనిషి అక్కడే ఉండి, అనుకున్న ఆపద రాకపోతే, భయం కొంతైనా దిగాలి.

అప్పుడు వాడు వాయిస్తుంటే పక్కనుంచి చూశాను. కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు. కమాను మొత్తం లాగడం లేదు. నడుమ ఒక జానెడు మాత్రమే వాడుతున్నాడు, వణుకు బయటపడకుండా. అంటే మనిషి స్టేజీ మీదే ఉన్నాడు కానీ దాక్కుని ఉన్నాడు. అలా చేస్తే బాగా వాయించినా లాభం లేదు. 'కమాను పొట్టిగా లాగాను కాబట్టి గట్టెక్కాను, పెద్దాయన మొహం చూడలేదు కాబట్టి గట్టెక్కాను' అని మనసు సర్దుకుంటుంది. భయం ఎక్కడిదక్కడే ఉంటుంది.

తర్వాతిసారి రెండు షరతులు పెట్టాను. మొదటి ఆవర్తనాలు మొదలు నుంచి కొస దాకా పూర్తి కమానుతో వాయించాలి. పల్లవి అయ్యాక ఒకసారి తలెత్తి ఆయన వైపు చూడాలి. ఆ రోజు అంకె తొమ్మిదికి వెళ్లింది. కమాను నిజంగానే గెంతింది, నాకూ వినపడింది. కానీ ఆపలేదు. అనుపల్లవికి వచ్చేసరికి గెంతడం తగ్గింది, చరణంలో లేదు. అయిపోయాక పెద్దాయన్ని అడిగాం, ఏమైనా లోపం అనిపించిందా అని. 'ఆరంభంలో కాస్త గరుకుగా ఉంది. చరణం పరిగెత్తించేశావు, అది చూసుకో నాయనా' అన్నారు. వణుకు మాటే ఎత్తలేదు. మన చేతిలో భూకంపంలా అనిపించేది ఎదుటివాళ్లకి ఆరంభంలో గరుకుగా మాత్రమే వినపడుతుంది. ఇది నేను చెబితే వాడు నమ్మేవాడు కాదు. ఆయన నోట విని, ఇంటికెళ్లి రికార్డింగ్ కూడా విని నమ్మాడు. ఆ తర్వాత రెండుసార్లలోనే అంకె ఐదుకి, నాలుగుకి వచ్చింది. పరీక్ష రోజున ఆరుతో మొదలుపెట్టి చిట్టస్వరాలతో సహా పూర్తిచేశాడు.

కాబట్టి నీ అంకె ఒక మెట్టు దగ్గర దిగకుండా మొండికేస్తే, ఆ మెట్టు నీకు ఎక్కువైందని వెంటనే అనుకోకు. ఏదో ఒక చోట దాక్కుంటున్నావేమో చూడు. కళ్లు మూసుకోవడం, కమాను పొట్టిగా లాగడం, కాలం పెంచి తొందరగా ముగించేయడం, మృదంగం చప్పుడులో కలిసిపోయేలా చిన్నగా వాయించడం, కష్టమైన సంగతులు వదిలేయడం, మొదలుపెట్టక ముందే 'నాకు జ్వరంగా ఉందండీ' అని చెప్పేసుకోవడం. ఒక్కొక్కటిగా వాటిని తీసేస్తూ రా. నిజంగా ఎక్కువైన మెట్టు వేరేలా ఉంటుంది. మొదలుపెట్టలేవు, లేదా వరసగా రెండుసార్లు మధ్యలో ఆగిపోతావు. అప్పుడు మాత్రం కింది మెట్టుకి దిగి, మధ్యలో ఇంకో చిన్న మెట్టు వేసుకో. ఉదాహరణకి, సంగీతం తెలిసిన ఆయన పక్క గదిలో కూర్చుని వినడం.

వినేవాళ్లకి ముందే చెప్పవలసినవి

చిన్న సభ ఇంట్లో పెట్టుకుంటే మన వాళ్ల ప్రేమ అడ్డం వస్తుంది. వణుకు చూసి అమ్మ 'పోనీలే తల్లీ, కాసేపాగి వాయించు' అంటుంది. నాన్న నీళ్ల గ్లాసు పట్టుకుని లేస్తారు. పిన్ని 'ఎంత బాగుందో' అని మధ్యలోనే మొదలుపెడుతుంది. వీటివల్ల రిహార్సల్ పాడవుతుంది. ముందే చెప్పు: మొదటి స్వరం నుంచి ఆఖరి స్వరం దాకా ఎవరూ మాట్లాడకూడదు, ఓదార్చకూడదు, నేను ఆగినా ఏమీ అనకూడదు. అయిపోయాక పొగడ్త వద్దు. 'ఎక్కడ తేడా వినపడింది?' అన్న ఒక్క ప్రశ్నకి జవాబు చెబితే చాలు.

దానితోపాటు ఐదో వారం నుంచి కొంచెం గోల కూడా ఉండనీ. గుడిలో ఎవరూ నిశ్శబ్దంగా కూర్చోరు. గంట మోగుతుంది, పిల్లలు పరిగెడతారు, ప్రసాదం పంచుతారు, మైకు కీచుమంటుంది. చెల్లిని మధ్యలో లేచి తలుపు తీసి బయటికి వెళ్లమను. ఒకరి ఫోన్ మోగించమను. పూర్తి నిశ్శబ్దంలో సిద్ధమైన పిల్లలు గుడిలో మొదటి గంటకే ఉలిక్కిపడతారు.

తప్పు వచ్చినప్పుడు ఏం చేస్తావో కూడా రిహార్సల్ లోనే తేల్చుకోవాలి. వర్ణంలో నాలుగైదు చోట్లు గుర్తు పెట్టుకో: పల్లవి మొదలు, అనుపల్లవి మొదలు, ముక్తాయి స్వరం, చరణం మొదలు, చిట్టస్వరాలు. ఎక్కడ మర్చిపోయినా తర్వాతి గుర్తు దగ్గర తాళం మొదటి దెబ్బకి అందుకోవాలి. ఇంట్లో ఎవరినైనా ఎప్పుడో ఒకప్పుడు చప్పట్లు కొట్టమను. చప్పట్లు వినపడగానే ఆగి, ఒక ఆవర్తనం మనసులో తాళం వేసుకుని, తర్వాతి గుర్తు నుంచి అందుకో. మర్చిపోతానన్న భయానికి దీన్ని మించిన మందు నాకు తెలియదు, ఎందుకంటే మర్చిపోయినా ఎక్కడికి వెళ్లాలో నీకు తెలుసు.

'టెన్షన్ పడకు' అని నీకు నువ్వు చెప్పుకోవద్దు

గుండె దడదడలాడుతుంటే 'ప్రశాంతంగా ఉండు' అనుకుంటే అది అవదు. ఒళ్లు పరుగులో ఉంది, ఒక్క మాటతో నిద్రపుచ్చలేం. అవకపోయేసరికి 'నా వల్ల కావడం లేదు' అని రెండో భయం మొదలవుతుంది. దానికంటే తేలికైనది ఒకటుంది. భయంలోనూ ఉత్సాహంలోనూ ఒంట్లో జరిగేది దాదాపు ఒకటే. పైడితల్లమ్మ జాతరలో సిరిమాను కదిలే ముందు జనంలో నిలబడినప్పుడు నీ గుండె ఎలా కొట్టుకుంటుందో గుర్తు తెచ్చుకో. దాన్ని నువ్వు భయం అనవు. కాబట్టి ఒంటిని మార్చకుండా, దానికి పెట్టే పేరు మార్చు.

దీని మీద ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే హార్వర్డ్ పరిశోధకురాలు 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. కొత్తవాళ్ల ముందు పాట పాడవలసిన మనుషుల్లో కొందరిని పాడే ముందు 'నాకు ఆందోళనగా ఉంది' అని, కొందరిని 'నాకు ఉత్సాహంగా ఉంది' అని పైకి అనమన్నారు. ఉత్సాహం అన్నవాళ్లు మెరుగ్గా పాడారు. వాళ్ల గుండె వేగం మాత్రం తగ్గలేదు. అది నాకు ముఖ్యంగా తోస్తుంది. ఒళ్లు అలాగే ఉంది, పని బాగా జరిగింది.

నేను పిల్లలకి పెద్ద వాక్యాలు ఇవ్వను. కమాను తీగ మీద పెట్టే ముందు చిన్న గొంతుతో పైకి అనుకోమంటాను: 'హుషారొచ్చింది, వాయిద్దాం.' నీకు నచ్చిన మాట నువ్వు పెట్టుకో, కానీ నోటితో అను. ఇది ఏడు వారాల రిహార్సల్స్ అన్నిటిలోనూ అనాలి. కచేరీ రోజున మొదటిసారి అంటే అది ఉత్త మాటే. దీనికి హద్దు కూడా ఉంది: చెయ్యి తిరగని కీర్తన ఒకటి పెట్టుకుని ఎంత హుషారు అనుకున్నా అది రాదు. ఇరవై నిమిషాలకి కనీసం ఏడాదిగా వాయిస్తున్నవే పెట్టుకో.

మాట అన్నాక ధ్యాస ఎక్కడ పెట్టాలి? చెయ్యి వణుకుతోందా అని చెయ్యి వైపు కాదు. తంబూరా శృతిలోని పంచమం వైపు. ఆ పంచమంలో నీ స్వరం కలుస్తోందా లేదా అని వింటుంటే చేతిని కాపలా కాసే తీరిక ఉండదు.

మొదటి రెండు నిమిషాలు

ఉద్రేకం ఎక్కువగా ఉండేది అప్పుడే అన్నాను కదా. కాబట్టి ఆ రెండు నిమిషాల్లో ఏం వాయిస్తావన్నది ముందే తెలివిగా ఎంచుకోవాలి. ఆలాపనతో మొదలుపెట్టకు. దీర్ఘ స్వరాలు, నెమ్మది కమాను, తేలిక ఒత్తిడి, ఈ మూడూ వణుకుని బయటపెట్టేవే. మధ్యమ కాలంలో ఆది తాళ వర్ణంతో మొదలుపెట్టు. కమాను వేగంగా కదులుతుంటే వణుకు దాదాపు వినపడదు. ఇది దాక్కోవడం కాదా అని అడుగుతావేమో. కాదు, ఎందుకంటే వర్ణం అయ్యాక ఆలాపన నువ్వు చెయ్యబోతున్నావు, ఆ వేళకి ఒళ్లు కుదుటపడుతుంది.

మొదటి స్వరం కమాను మొదలు దగ్గర, అంటే చెయ్యి పట్టుకున్న వైపున, తీగ మీద పూర్తిగా ఆనించి మొదలుపెట్టు. గాలిలోంచి దింపకు. ఆనించి, ఊపిరి వదులుతూ లాగు. ఊపిరి బిగపట్టి మొదలుపెడితే భుజం బిగుస్తుంది. బొటనవేలు కొద్దిగా వంగి ఉందో లేదో ఒకసారి చూసుకో, నిటారుగా బిగిసిపోయి ఉంటే వదులు చెయ్యి. వణుకు మొదలైతే పట్టు బిగించకుండా, చేతి బరువు ఇంకొంచెం తీగ మీదికి వదిలి, కమాను కాస్త వేగంగా లాగు. చాలామంది ఉన్నట్టుండి మెల్లగా వాయించడానికి చూస్తారు, దానితో గెంతడం ఎక్కువవుతుంది.

కూర్చునే తీరు కూడా చూసుకో. వయొలిన్ తల కుడి పాదం మీద ఆనుతుంది కాబట్టి కాలు వణికితే ఆ వణుకు వాయిద్యంలోకి వస్తుంది. మోకాళ్లు నేలకి ఎత్తుగా ఉంటే కింద దుప్పటి మడత పెట్టుకో. గుడి నేల రాతిది, చల్లగా ఉంటుంది, మందమైన చాప అడుగు.

కాలం సంగతి పెద్దాయన ఆ కుర్రాడికి చెప్పాడు కదా, అది అందరికీ జరుగుతుంది. గుండె వేగంలో మనకి మామూలు కాలం మెల్లగా అనిపించి పెంచేస్తాం. వర్ణం మొదటి వాక్యం మనసులో ఒకసారి ఇంటి కాలంలో అనుకుని, చేత్తో రెండు మూడు దెబ్బలు వేసుకుని అప్పుడు మొదలుపెట్టు. మృదంగం ఆయనకి ముందే చెప్పు: 'నేను పరిగెడితే మీరు నన్ను వెంబడించకండి, కాలం పట్టుకుని ఉండండి బాబూ' అని. మంచి మృదంగం పక్కనుంటే ఈ ఒక్క సాయమే చాలా దూరం తీసుకెళుతుంది.

కచేరీ రోజు విషయాలు కొన్ని చాలు. టీ, కాఫీ అలవాటుంటే రోజూ తాగినంతే తాగు, అదనంగా వద్దు, అవి వణుకు పెంచుతాయి. కడుపు ఖాళీగా ఉంచకు, మధ్యాహ్నం మామూలుగా తిని సాయంత్రం రెండు ఇడ్లీలు చాలు. వేళ్లు చల్లబడతాయి కాబట్టి వెళ్లేముందు గోరువెచ్చటి నీళ్లలో చేతులు ముంచి తుడుచుకో. పొడి గుడ్డ ఒడిలో పెట్టుకో, చెమటకి వేలు జారితే గమకం తప్పుతుంది. చాలా ముందుగా వెళ్లి పక్కన కూర్చుని ఎదురుచూడకు. శృతి చేసుకోవడానికీ, మైకు చూసుకోవడానికీ అరగంట సరిపోతుంది.

మాత్ర సంగతి

నీకు చెప్పినవాళ్లు బహుశా ప్రొప్రానొలాల్ గురించి చెప్పి ఉంటారు. అది గుండె జబ్బులకీ బీపీకీ వాడే మందు. అడ్రినలిన్ పనిని అడ్డుకుని వణుకూ దడా తగ్గిస్తుంది కాబట్టి కొందరు కళాకారులు డాక్టరు సలహాతో వాడతారు. ఉబ్బసం ఉన్నవాళ్లకి ఇది ప్రమాదం. గుండె వేగం తక్కువగా ఉన్నవాళ్లకీ, లో బీపీ ఉన్నవాళ్లకీ, షుగరు మందులు వాడేవాళ్లకీ ఇబ్బంది రావచ్చు. ఒకరి చీటీ మీద ఇంకొకరు కొనుక్కోకూడదు. ఇంకో సంగతి కూడా ఉంది. మాత్ర వేసుకుని బాగా వాయిస్తే, 'మాత్ర వల్లే' అని మనసు రాసుకుంటుంది. ఆ కుర్రాడు కమాను పొట్టిగా లాగినట్టే ఇదీ. అందుకే ఏడు వారాల సమయం ఉన్నప్పుడు నేను మెట్ల పద్ధతే ముందు చెయ్యమంటాను.

కొన్ని సందర్భాల్లో మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు, టీ కప్పు పట్టుకున్నా, రాస్తున్నా కూడా చెయ్యి వణుకుతుంటే అది స్టేజీ భయం కాకపోవచ్చు. థైరాయిడ్ లాంటి కారణాలుండవచ్చు, పరీక్ష చేయించుకో. కచేరీ ఊసు లేని రోజుల్లో కూడా ఉన్నట్టుండి ఊపిరాడక, చచ్చిపోతానేమో అనిపించే దడ వస్తుంటే, భయం వల్ల నిద్రా తిండీ పోతుంటే, మనుషుల్ని కలవడమే మానేస్తుంటే మానసిక వైద్యుడిని గానీ క్లినికల్ సైకాలజిస్టుని గానీ కలువు. వాళ్లు ఇదే మెట్ల పద్ధతిని ఇంకా జాగ్రత్తగా, నీ పక్కన ఉండి చేయిస్తారు.

చివరగా ఒకటి. గుడి కచేరీ ఎలా జరిగినా సరే, అది అయిన పది పదిహేను రోజుల్లోపు ఇంకో చోట వాయించేలా ఇప్పుడే ఏర్పాటు చేసుకో. ఎవరింట్లోనైనా వ్రతం కావచ్చు, స్కూల్లో ప్రార్థన కావచ్చు, పది నిమిషాలైనా చాలు. ఆ తర్వాత కార్తీకమాసంలో మీ వైపు గుళ్లలో భజనలు ఉంటాయి కదా, అక్కడ కూడా అడుగు. నోటుబుక్కు మాత్రం పారేయకు. నాలుగో వారం సంగీతం వచ్చిన మనిషి ఎవరూ దొరక్కపోతే ఇక్కడే రాయి, శనివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో ఇలాంటి పిల్లలు నలుగురైదుగురు ఒకరి ముందు ఒకరు వాయిస్తుంటారు. వచ్చి కూర్చోవచ్చు.